పెట్టిన లీవ్ వెనక్కి తీసుకోవడం ఎలా: రోస్టర్ చెడకుండా, లీడ్‌ని గందరగోళంలో పెట్టకుండా

"లీవ్ క్యాన్సిల్ చేశాను. కానీ రోస్టర్‌లో ఇంకా నా పేరు పక్కన లీవ్ అనే ఉంది. రేపు ఆఫీసుకి వెళ్లాలా, వద్దా?" షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. పోర్టల్‌లో బటన్ నొక్కగానే పని అయిపోయిందనుకోవడం దగ్గరే చిక్కంతా మొదలవుతుంది.

ఇరవై నాలుగు గంటలూ నడిచే టీమ్‌లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. కస్టమర్ సపోర్ట్, ఐటీ ఆపరేషన్స్, ఆసుపత్రి వార్డు, కంట్రోల్ రూమ్ లాంటివి. పొద్దున తొమ్మిదికి వెళ్లి సాయంత్రం ఆరుకు వచ్చేసే ఆఫీసైతే మీకు 2, 4, 6 భాగాలు చాలు.

## 1. మీ లీవ్ ఒక్కచోట లేదు

మీరు లీవ్ అడిగిన రోజు నుంచి అది మూడు చోట్ల నమోదవుతూ పోతుంది. మొదటిది హెచ్ఆర్ పోర్టల్: మీ లీవ్ బ్యాలెన్స్, జీతం లెక్క అక్కడుంటాయి. రెండోది షిఫ్ట్ రోస్టర్: ఏ రోజు ఏ షిఫ్ట్‌లో ఎవరుంటారన్నది అక్కడ తేలుతుంది. చాలా టీమ్‌లలో ఇది పోర్టల్‌తో సంబంధం లేని ఓ ఎక్సెల్ షీటే. మూడోది మనుషుల బుర్రల్లో ఉంటుంది. మీ బదులు వస్తానని ఒప్పుకున్న కొలీగ్, మీరు లేరని ఇంకొకరి లీవ్ కాదన్న లీడ్, ఇద్దరూ ఆ లెక్క మీదే తమ పనులు చూసుకుని ఉంటారు.

పోర్టల్‌లో వెనక్కి తీసుకుంటే మొదటిది మాత్రమే మారుతుంది. మిగతా రెండూ మీరు చెబితేనే మారతాయి.

ఇంకో మాట కూడా ముందే ఒప్పుకోవాలి. లీవ్ రద్దయినంత మాత్రాన పాత షిఫ్ట్ మీకే తిరిగి రావాలని లేదు. రోస్టర్ ఒకసారి బయటికి వచ్చాక ఆ సీటు ఇంకొకరిది. తిరిగి ఇవ్వాలా వద్దా అన్నది లీడ్ చూసుకుంటారు. ఆ లెక్కతో అడిగితే మాట సాఫీగా సాగుతుంది.

## 2. ఏ దశలో ఉన్నారో ముందు చూసుకోండి

పోర్టల్ తెరిచి మీ రిక్వెస్ట్ స్థితి చూడండి. ఆ తర్వాత వచ్చే వారం రోస్టర్ వచ్చిందో లేదో చూడండి. ఈ రెండు జవాబులతోనే ఎంత పని ఉందో తెలిసిపోతుంది.

రిక్వెస్ట్ పెండింగ్, రోస్టర్ ఇంకా రాలేదు. అన్నిటికంటే తేలిక. మీరే వెనక్కి తీసుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. లీడ్‌కి మాత్రం ఒక మెసేజ్ పెట్టాలి. ఎందుకంటే అప్రూవ్ చేయకపోయినా, రోస్టర్ చిత్తులో మీ పేరు పక్కన పెన్సిల్ గుర్తు పెట్టుకుని ఉండొచ్చు.

అప్రూవ్ అయింది, రోస్టర్ ఇంకా రాలేదు. ఇప్పుడు మీరు తీసేస్తే పోదు. చాలా పోర్టళ్లలో రద్దు చేయమనే కొత్త రిక్వెస్ట్ వెళ్తుంది, దాన్ని లీడ్ మళ్లీ అప్రూవ్ చేయాలి. అంతవరకు మీరు లెక్క ప్రకారం లీవ్‌లోనే ఉన్నట్టు.

అప్రూవ్ అయింది, రోస్టర్ కూడా వచ్చేసింది. అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. ఈ గైడ్‌లో ఎక్కువ భాగం దీని గురించే.

లీవ్ మొదలైపోయింది. దీని పద్ధతి వేరు, పదో భాగం చూడండి.

రోస్టర్ శుక్రవారం వస్తుందనుకుంటే, గురువారం సాయంత్రం చెప్పడానికీ శనివారం పొద్దున చెప్పడానికీ చాలా తేడా ఉంది. గురువారమైతే లీడ్ ఒక గడి మార్చుకుంటారు. శనివారమైతే ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేయాల్సి వస్తుంది. అందుకని ప్రయాణం ఉంటుందో ఉండదో అనే అనుమానం ఉన్నప్పుడు, రోస్టర్ వచ్చేలోపే "ఖాయం కాలేదు, రేపు మధ్యాహ్నానికి చెబుతాను" అని లీడ్‌కి ఒక మాట చేరవేయండి. వెనక్కి తీసుకోవడం మాత్రం ఖాయమయ్యాకే.

## 3. మీ కోసం ఏమేం మారాయో రాసుకోండి

లీడ్‌కి ఫోన్ చేసే ముందు పది నిమిషాలు దీనికి ఇవ్వండి. పాత రోస్టర్, కొత్త రోస్టర్ పక్కపక్కన పెట్టుకుని, మీ లీవ్ వల్ల కదిలిన ప్రతి పేరూ రాయండి.

- మీ ప్రతి లీవ్ రోజుకూ మీ సీటులో ఎవరున్నారు?
- వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు? వేరే షిఫ్ట్ నుంచా, వీక్‌ఆఫ్ వదులుకునా?
- వాళ్లు వదిలిన చోట ఇంకెవరైనా వచ్చారా, లేక ఖాళీగానే ఉందా?
- వీక్‌ఆఫ్ వదులుకున్నవారికి కాంప్‌ఆఫ్ ఏ తేదీన ఇస్తామన్నారు?
- అవే తేదీల్లో లీవ్ అడిగి, మీ వల్ల కాదనిపించుకున్నవారు ఎవరైనా ఉన్నారా?

చివరి ప్రశ్న చాలామందికి తట్టదు. చాలా టీమ్‌లలో ఒక షిఫ్ట్ నుంచి ఒకేసారి ఒక్కరికో ఇద్దరికో మించి లీవ్ ఇవ్వరు. మీరు ముందు అడిగారు కాబట్టి ఇంకొకరిది ఆగిపోయి ఉండొచ్చు. మీరు వదులుకుంటే ఆ ఖాళీ వాళ్లకి పనికొస్తుంది, రెండు రోజులు ముందు తెలిస్తే మరీ బాగా పనికొస్తుంది. అప్పుడు రోస్టర్‌లో పెద్దగా మార్పే ఉండదు. మీ సీటులో మీరు, వాళ్ల సీటులో మీ బదులు వచ్చినవారు.

## 4. ముందు లీడ్‌కి, తర్వాతే పోర్టల్

"పోర్టల్‌లో రద్దు చేస్తే లీడ్‌కి మెయిల్ వెళ్తుంది కదా, మళ్లీ చెప్పడమెందుకు?" అని అడుగుతారు. ఆ మెయిల్‌లో తేదీలు, మీ ఉద్యోగి నంబరు ఉంటాయి. రోస్టర్‌ని ఏం చేయాలో ఉండదు. పైగా లీడ్‌కి రోజుకి అలాంటివి చాలా వస్తాయి. చదవకుండానే ఫోన్లో అప్రూవ్ నొక్కేవారూ ఉన్నారు. అప్పుడు రద్దు అప్రూవ్ అవుతుంది, రోస్టర్‌లో మాత్రం మీరు లీవ్‌లోనే ఉంటారు.

కొలీగ్ కంటే ముందు లీడ్‌కే ఎందుకు చెప్పాలంటే, మీరిద్దరూ మాట్లాడేసుకుని "సరే, నువ్వు రావొద్దులే" అనుకున్నాక లీడ్ దగ్గర వేరే లెక్క ఉంటే, మీ కొలీగ్ రెండుసార్లు ప్లాన్ మార్చుకోవాల్సి వస్తుంది. లీడ్‌తో మాట్లాడేటప్పుడే "ఆయన్ని నేను అడగనా, మీరు అడుగుతారా?" అని తేల్చుకోండి.

మెసేజ్‌లో నాలుగే ఉండాలి: ఏ తేదీలు, ఏం మారింది, ప్రస్తుతం ఆ సీటులో ఎవరున్నారు, మీరు అడుగుతున్నది ఏమిటి. కారణం ఒక్క ముక్కలో చాలు. ఇంటి సంగతులన్నీ విప్పాల్సిన పనిలేదు.

> సార్, 12 నుంచి 15 వరకు నేను పెట్టిన లీవ్ గురించి. ఊళ్లో పెళ్లి వాయిదా పడింది. ఈ నాలుగు రోజులూ నేను డ్యూటీకి రాగలను. రోస్టర్ ఇప్పటికే వచ్చింది కాబట్టి, నా షిఫ్ట్ నాకు తిరిగి ఇవ్వడం కుదురుతుందా, లేక ఇలాగే ఉంచుదామా అన్నది మీరు చెప్పండి. మీరు చెప్పేవరకు పోర్టల్‌లో ఏమీ మార్చను. నా బదులు వస్తున్నవారితో నేను మాట్లాడమంటారా?

"పోర్టల్‌లో ఏమీ మార్చను" అన్న వాక్యం తప్పకుండా పెట్టండి. లీడ్‌కి టెన్షన్ తగ్గేది దానివల్లే. తాను నిర్ణయించేలోపు వెనకాల ఏదీ కదలదని తెలుస్తుంది.

జవాబు రాకపోతే? లీవ్‌కి ఇంకా మూడు నాలుగు రోజులుంటే ఒక పూట ఆగి ఫోన్ చేయండి. రేపే అయితే మెసేజ్ పెట్టిన గంటలోపే ఫోన్ చేయండి. లీడ్ కూడా సెలవులో ఉంటే, ఆయన బాధ్యత చూస్తున్నవారికి చెప్పి, ఆయనకు కాపీ పెట్టండి. రోస్టర్ తయారుచేసేది వేరే మనిషైతే, పెద్ద టీమ్‌లలో అదే జరుగుతుంది, లీడ్ సరే అన్నాక ఆ మనిషికి విడిగా చెప్పాలి.

## 5. మీ బదులు ఒప్పుకున్నవారితో మాట్లాడటం

ఇక్కడ తొందరపడితే పోర్టల్‌లో జరిగే ఏ తప్పుకన్నా ఎక్కువ నష్టం. మీ అవసరానికి వాళ్లు తమ రోజు మార్చుకున్నారు. ఇప్పుడు మీ అవసరం తీరిందని ఆ రోజు వాళ్ల చేతిలో మళ్లీ పెట్టేస్తే, అది వాళ్లకి పనికిరాకపోవచ్చు.

కాబట్టి చెప్పేయకండి, అడగండి. "నా లీవ్ క్యాన్సిల్ అయింది, నువ్వు రావక్కర్లేదు" అనే బదులు ఇలా:

> అన్నా, మా ఊరి ప్రయాణం ఆగిపోయింది. శుక్ర, శని నువ్వు నా బదులు వస్తానన్నావు కదా. నీకు ఆ రెండు రోజులు మళ్లీ వీక్‌ఆఫ్‌గా కావాలా, లేక కాంప్‌ఆఫ్ తేదీలకి ఏదైనా ప్లాన్ చేసుకున్నావా? ప్లాన్ ఉంటే ఇలాగే ఉంచుదాం, లీడ్‌కి కూడా అదే చెబుతా.

వాళ్లు వేరే షిఫ్ట్ నుంచి కదిలినవారైతే ఇంకో విషయం చూడాలి, నిద్ర. రాత్రి షిఫ్ట్ మనిషి మధ్యాహ్నం షిఫ్ట్‌కి మారాలంటే ఒకటి రెండు రోజుల ముందు నుంచే నిద్రవేళలు మార్చుకుంటారు. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి "రేపటి నుంచి మళ్లీ రాత్రికే" అంటే కాగితం మీద గడి సరిపోతుంది గానీ మనిషికి సరిపోదు. షిఫ్ట్ మార్పుకి ఒక్కరోజే మిగిలి ఉంటే పాత స్వాప్ అలాగే ఉంచేయడం మంచిదని నా అభిప్రాయం.

వాళ్లు వద్దంటే మీకు మూడు దారులు. ఆ రోజులకు లీవ్ అలాగే ఉంచుకోవడం. లేదా లీడ్‌కి పని ఉంటే అదనపు మనిషిగా రావడం. లేదా వాళ్లు వదిలిన షిఫ్ట్ ఖాళీగా ఉంటే అక్కడ కూర్చోవడం. మూడోది చాలాసార్లు కుదురుతుంది, కానీ ఎవరికీ గుర్తురాదు.

## 6. ఇప్పుడు పోర్టల్

లీడ్ సరే అన్నారు, కొలీగ్‌తో మాట అయింది. ఇప్పుడు పోర్టల్ తెరవండి.

ముందుగా ఇప్పుడున్న పేజీకి స్క్రీన్‌షాట్ తీసుకోండి. తేదీలు, స్థితి, లీవ్ రకం, మిగిలిన బ్యాలెన్స్ అందులో కనిపించాలి. తర్వాత లెక్క తేడా వస్తే ఇదొక్కటే మీ దగ్గరుండే ఆధారం.

పెండింగ్‌లో ఉంటే సాధారణంగా `Withdraw` అని, అప్రూవ్ అయి ఉంటే `Cancel` అని కనిపిస్తుంది. పేర్లు పోర్టల్‌ని బట్టి మారతాయి. మొదటిది నొక్కగానే అయిపోతుంది. రెండోది నొక్కాక మళ్లీ అప్రూవల్‌కి వెళ్తుంది. కారణం రాసే గడిలో "మాట్లాడిన ప్రకారం" అని వదిలేయకండి. "12, 13 తేదీల లీవ్ రద్దు, రోస్టర్ మార్పు లీడ్‌తో మాట్లాడి ఖాయం చేశాం" అని తేదీలతో రాయండి. మూడు వారాల తర్వాత హెచ్ఆర్‌లో ఎవరైనా తెరిస్తే వాళ్లకి అర్థం కావాలి.

పెండింగ్ రిక్వెస్ట్ విషయంలో ఒక చిన్న ప్రమాదం ఉంది. మీరు వెనక్కి తీసుకునే సమయానికే లీడ్ తన ఫోన్లో పాత మెయిల్ నుంచి అప్రూవ్ నొక్కి ఉండొచ్చు. అందుకే బటన్ నొక్కిన అరగంటకి పేజీ మళ్లీ తెరిచి స్థితి చూడండి. `Approved` అని కనిపిస్తే రద్దు రిక్వెస్ట్ విడిగా పెట్టాలి.

కొన్ని రోజులే వెనక్కి తీసుకోవాలంటే. చాలా పోర్టళ్లలో ఒకే రిక్వెస్ట్‌లోంచి రెండు రోజులు తీసేయడం కుదరదు. మొత్తం రద్దు చేసి, కావలసిన రోజులకు కొత్తగా పెట్టాలి. ఇక్కడ మూడు చూసుకోవాలి.

ఒకటి, పాతది పూర్తిగా రద్దయ్యేవరకు అవే తేదీలకు కొత్తది పెట్టనివ్వదు. కాబట్టి మధ్యలో కాసేపు మీ పేరుమీద ఏ లీవూ ఉండదు. "ముందు రద్దు వస్తుంది, అది అప్రూవ్ చేశాక రెండు రోజులకు కొత్తది పెడతాను" అని లీడ్‌కి ముందే చెబితే, రెండో మెయిల్ చూసి "ఇదేంటి, ఇప్పుడే వద్దన్నాడుగా" అనుకోరు.

రెండు, ముందస్తు గడువు. కొత్త రిక్వెస్ట్‌కి గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కపెడతారు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 1948 కింద పనిచేసేవాళ్లయితే సెక్షన్ 79 ప్రకారం సంపాదించుకున్న సెలవుకి మామూలుగా 15 రోజుల ముందే అర్జీ పెట్టాల్సి ఉండేది. ఆఫీసుల్లో ఎవరి పాలసీ వాళ్లది. గడువు దాటిపోతుందనుకుంటే మొత్తం రద్దు చేయకండి. తేదీలు సరిచేయమని హెచ్ఆర్‌కే రాయండి.

మూడు, మధ్యలో పడే వీక్‌ఆఫ్‌లు. వీక్‌ఆఫ్‌కి అటూ ఇటూ లీవ్ ఉంటే ఆ వీక్‌ఆఫ్‌ని కూడా లీవ్‌గా లెక్కేసే కంపెనీలు ఉన్నాయి, సాండ్‌విచ్ రూల్ అంటారు. శుక్రవారం నుంచి మంగళవారం దాకా లీవ్, ఆది సోమాలు వీక్‌ఆఫ్ అనుకోండి. ఆ రూల్ ఉంటే 5 రోజులు కట్ అవుతాయి. మంగళవారం ఒక్కటి వెనక్కి తీసుకుంటే 2 రోజులకి దిగుతుంది. రద్దయ్యాక బ్యాలెన్స్ ఈ లెక్కతో సరిచూసుకోండి.

## 7. రోస్టర్ మార్పు ఒకే మెసేజ్‌లో, ఒకే మనిషి నుంచి

పోర్టల్ పని అయ్యాక టీమ్‌కి తెలియాలి. ఈ మెసేజ్ లీడ్ పెడితేనే మంచిది. మీరే పెట్టమంటే లీడ్ సరే అన్నట్టు అందులో రాయండి.

"నా లీవ్ క్యాన్సిల్, ఈ వారం వస్తున్నాను" అని గ్రూపులో పెడితే ఎనిమిది మంది ఎనిమిది రకాలుగా అర్థం చేసుకుంటారు. తేదీ, షిఫ్ట్, మనిషి అన్నట్టుగా రాయాలి. మారని రోజులు కూడా రాయాలి. ఎందుకంటే మారినవి మాత్రమే చెబితే మిగతావి కూడా మారాయేమోనన్న అనుమానం ఉండిపోతుంది.

రోస్టర్ షీట్‌ని మీరే దిద్దకండి, మీకు ఎడిట్ అనుమతి ఉన్నా సరే. షీట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మార్చాలి. లేకపోతే వాళ్ల దగ్గరున్న పాత కాపీ మళ్లీ ఎక్కించినప్పుడు మీ దిద్దుబాటు కొట్టుకుపోతుంది.

## 8. చివర్లో మిగిలిపోయే పనులు

- క్యాబ్. హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో రాత్రి షిఫ్ట్ పికప్, డ్రాప్ చాలాచోట్ల వేరే జాబితాలో ఉంటాయి. లీవ్ పెట్టినప్పుడు మీ పేరు తీసేసి ఉంటారు. రోస్టర్‌లో పేరొచ్చినా క్యాబ్‌లో రాదు. ఆ రోజు జాబితా ముగిసే సమయంలోపు మళ్లీ బుక్ చేయండి. మీ బదులు వస్తానన్నవారి బుకింగ్ తీయమని వాళ్లకి గుర్తుచేయండి.
- ఆన్‌కాల్. మీ వంతు ఇంకొకరికి మార్చి ఉంటే, రాత్రి రెండింటికి అలర్ట్ ఎవరి ఫోన్‌కి వెళ్తుందో టూల్‌లో కళ్లారా చూడండి.
- ఆటో రిప్లై. "నేను సెలవులో ఉన్నాను, ఫలానావారిని సంప్రదించండి" అనేది ముందే తేదీలతో సెట్ చేసి ఉంటే తీసేయండి. లేదంటే మీరు సీటులో కూర్చుని ఉండగానే మీ పని ఇంకొకరికి పోతుంటుంది.
- అప్పగింతలు. టికెట్లు, ఫైళ్లు ఎవరికి ఇచ్చారో వాళ్లనడిగి, ఏవి వెనక్కి తీసుకోవాలో, ఏవి వాళ్లే పూర్తిచేస్తారో తేల్చుకోండి.

## 9. ఒక కేసు మొదటి నుంచి చివరి దాకా

మీరు మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 షిఫ్ట్‌లో ఉన్నారనుకుందాం. వీక్‌ఆఫ్ ఆది, సోమ. చెల్లెలి పెళ్లికని 12 బుధవారం నుంచి 15 శనివారం దాకా నాలుగు రోజులు లీవ్ అప్రూవ్ అయింది. 7వ తేదీ శుక్రవారం రోస్టర్ వచ్చేసింది. 9 ఆదివారం పొద్దున ఇంటి నుంచి ఫోన్: మగపెళ్లివారి తరఫున మైల వచ్చింది, ముహూర్తం మార్చారు. కానీ 14 శుక్రవారం ఇంటి స్థలం రిజిస్ట్రేషన్ స్లాట్ ఉంది, దానికి మాత్రం మీరు వెళ్లాలి.

పాత, కొత్త రోస్టర్లు పక్కన పెట్టి చూస్తే ఇలా తేలింది. బుధ, గురువారాలకు రాత్రి షిఫ్ట్ నుంచి ఒకరిని మధ్యాహ్నానికి తెచ్చారు. దాంతో రాత్రి ఇద్దరుండాల్సిన చోట ఒక్కరే మిగిలారు. శుక్ర, శనివారాలకు ఇంకో కొలీగ్ తన వీక్‌ఆఫ్‌లు వదులుకున్నారు. ఆయనకి కాంప్‌ఆఫ్‌లు 17 సోమవారం, 18 మంగళవారం.

ఆదివారం పదింటికల్లా లీడ్‌కి మెసేజ్ వెళ్లింది. బుధ, గురు మీరు వస్తే రాత్రి షిఫ్ట్‌లో మళ్లీ ఇద్దరవుతారు కాబట్టి ఆయన వెంటనే సరే అన్నారు. రాత్రి మనిషిని అడిగితే ఆయన ఇంకా నిద్రవేళలు మార్చుకోలేదు, మూడు రోజుల వ్యవధి ఉంది, ఆయనకీ సరే.

చిక్కు శనివారం దగ్గర వచ్చింది. మీకు లీవ్ కావలసింది శుక్రవారం ఒక్కటే. కానీ శనివారం మీరు వస్తే, ఆ కొలీగ్ వీక్‌ఆఫ్ ఆయనకి తిరిగొచ్చి, కాంప్‌ఆఫ్‌లో ఒక రోజు పోతుంది. ఆయన ఆ రెండు కాంప్‌ఆఫ్‌లు చూసుకుని శ్రీకాకుళం టికెట్లు బుక్ చేసుకున్నారు. శనివారం అదనపు మనిషి అవసరం లేదని లీడ్ అన్నారు. అంటే శనివారం మీకు అక్కర్లేని లీవ్ ఒకటి ఖర్చవుతుంది. మీ మీద కాస్త బరువే, కానీ రోస్టర్ వచ్చాక వెనక్కి తీసుకుంటే మామూలుగా ఎక్కడో ఒకచోట అది పడుతుంది. మాట ఇచ్చి రోజు మార్చుకున్న మనిషి మీద పడటం కంటే మీ మీద పడటమే న్యాయం.

పోర్టల్‌లో రెండు రోజులు మాత్రమే తీసే వీలు లేదు. లీడ్‌కి ముందే చెప్పి మొత్తం నాలుగు రోజులూ రద్దుకి పెట్టారు. ఆయన అప్రూవ్ చేశాక 14, 15లకు కొత్తది పెట్టారు. కంపెనీ పాలసీ ఏడు రోజుల ముందు కాబట్టి ఆలస్యమని హెచ్చరిక వచ్చింది. లీడ్ "ముందే అప్రూవ్ చేసిన లీవ్‌లో భాగం" అని రాసి అప్రూవ్ చేశారు. సాయంత్రానికి గ్రూపులో ఈ మెసేజ్:

> ఈ వారం రోస్టర్ మార్పు, లీడ్‌తో మాట్లాడి ఖాయం చేసింది.
> 12 బుధ, 13 గురు: మధ్యాహ్నం 2–10 షిఫ్ట్‌కి నేను వస్తాను. నా బదులు వచ్చినవారు తిరిగి రాత్రి 10–6 షిఫ్ట్‌లో.
> 14 శుక్ర, 15 శని: మార్పు లేదు. నేను లీవ్, 7న వచ్చిన రోస్టర్ ప్రకారమే.
> 17, 18 కాంప్‌ఆఫ్‌లు: మార్పు లేదు.

సోమవారం ఇంకో రెండు పనులు మిగిలాయి. బుధ, గురువారాల రాత్రి డ్రాప్ క్యాబ్ బుక్ చేయడం, ఆటో రిప్లై తేదీలు 14, 15కి కుదించడం.

## 10. లీవ్ మొదలయ్యాక తిరిగి రావాలంటే

రెండు రోజులు అయిపోయాయి, మిగిలిన మూడు రోజులు అక్కర్లేదు. ఇలాంటప్పుడు చెప్పకుండా నేరుగా వచ్చి పంచ్ కొట్టకండి. పోర్టల్‌లో లీవ్, గేటు దగ్గర హాజరు, రెండూ ఒకే రోజు పడితే ఏది నిలుస్తుందో సాఫ్ట్‌వేర్‌ని బట్టి ఉంటుంది. చాలాసార్లు లీవే నిలుస్తుంది, పనిచేసిన రోజు లీవ్‌గా పోతుంది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకైతే ఇది రూల్‌లోనే ఉంది. సీసీఎస్ లీవ్ రూల్స్ 1972లోని 24వ రూల్ ప్రకారం, మంజూరైన సెలవు ముగియకముందే డ్యూటీలో చేరాలంటే సెలవు మంజూరు చేసిన అధికారి అనుమతి ఉండాలి. ప్రైవేటులో ఇంత స్పష్టంగా రాసి ఉండకపోయినా పద్ధతి అదే: ముందురోజే లీడ్‌ని అడిగి, ఏ షిఫ్ట్‌లో రావాలో రాతలో తీసుకుని, అప్పుడు రండి.

అయిపోయిన రోజులను వెనక్కి తీసుకునే ప్రయత్నం చేయకండి. రాబోయే రోజులకే రద్దు అడగండి. మెడికల్ లీవ్ అయితే డ్యూటీకి సరిపోతారన్న ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడగొచ్చు. రావడానికి ముందురోజే దాన్ని చేతిలో పెట్టుకోండి.

## 11. తేడా వచ్చినప్పుడు సరిచేసుకోవడం

రద్దు రిక్వెస్ట్ పెట్టారు, లీవ్ రోజు వచ్చేసింది, ఇంకా అప్రూవ్ కాలేదు. లీడ్ రమ్మన్న మెసేజ్ మీ దగ్గరుంటే వెళ్లండి. వెళ్లిన వెంటనే లీడ్‌తో అప్రూవ్ చేయించండి. తేదీ దాటాక కొన్ని పోర్టళ్లలో ఆ బటన్ పనిచేయదు, అప్పుడు హెచ్ఆర్ చేత్తో సరిచేయాలి. హాజరులో లీవ్ అని పడితే అటెండెన్స్ రెగ్యులరైజేషన్ పెట్టండి.

ఒకే సీటుకి ఇద్దరొచ్చారు. వాదించుకోకుండా ఇద్దరూ కలిసి లీడ్‌కి ఫోన్ చేయండి. చివరిగా వచ్చిన రోస్టర్‌లో ఎవరి పేరుంటే సీటు వాళ్లది. రెండోవారు వచ్చినందుకు ఆ రోజు హాజరు ఎలా వేస్తారో అప్పుడే అడిగి రాతలో తీసుకోండి.

ఎవరూ రాలేదు. మీరు వస్తారని కొలీగ్, కొలీగ్ వస్తారని మీరు అనుకున్నారు. పోర్టల్‌లో రద్దయి, రోస్టర్ మారనప్పుడు ఇదే జరుగుతుంది. దగ్గర్లో ఎవరుంటే వాళ్లు ముందు వెళ్లాలి, లెక్కలు తర్వాత. ఇది జరగకూడదంటే షిఫ్ట్‌కి ముందురోజు రాత్రి ఆ కొలీగ్‌కి ఒక లైన్ పెట్టండి: "రేపు రెండింటికి నేనే, నువ్వు రాత్రికి."

ప్లాన్ మళ్లీ మారింది, ఇప్పుడు లీవ్ కావాలి. పాత అప్రూవల్ చూపించి అడగకండి, అది పోయింది. కొత్త రిక్వెస్ట్‌గానే అడగండి. ఈసారి మీ బదులు ఎవరొస్తారో మీరే వెతికి పెట్టుకుని అడగండి.

## 12. జీతం లెక్క ముగిసేలోపు చూసుకోవాల్సినవి

హాజరు లెక్క చాలా కంపెనీల్లో నెల చివరికి కొన్ని రోజుల ముందే ఆపేస్తారు. ఆ తేదీ ఏదో పేరోల్‌వాళ్లని అడిగి, దానికి ముందే ఒకసారి ఇవి చూడండి.

- రద్దయిన రోజులు బ్యాలెన్స్‌లో తిరిగి చేరాయా?
- ఆ రోజులకు హాజరు పడిందా, షిఫ్ట్ అలవెన్స్ లెక్కలోకి వచ్చిందా?
- జీతం లేని సెలవుగా పెట్టి ఉంటే, ఆ కోత తీసేశారా?
- మీ కోసం వచ్చిన కొలీగ్ కాంప్‌ఆఫ్ వాళ్ల ఖాతాలో పడిందా?

చివరిది వాళ్ల పని అని వదిలేయకండి. మీ రద్దుతోపాటు పొరపాటున వాళ్ల కాంప్‌ఆఫ్ కూడా తీసేసిన సందర్భాలు ఉంటాయి, వాళ్లకి అది తెలిసేసరికి గడువు దాటిపోతుంది. తేడా ఉంటే హెచ్ఆర్‌కి ఒకే మెయిల్‌లో మూడు జతచేసి పంపండి: రద్దుకి ముందు తీసిన స్క్రీన్‌షాట్, రద్దు అప్రూవ్ అయిన మెయిల్, మారిన రోస్టర్. లీడ్‌ని కాపీలో పెట్టండి. గడువు దాటిపోయి ఉంటే వచ్చే నెల జీతంలో సర్దుతారా అని అదే మెయిల్‌లో అడిగి, జవాబు రాతలోనే తీసుకోండి.